నీళ్లు మారాయా, మీటరు మారిందా?

మా ఫైనలియర్ ప్రాజెక్టు రిపోర్టులో ఒక పేరా ఉంది. దాని మీద ‘ఆపరేషనల్ డెఫినిషన్స్’ అని హెడ్డింగ్ ఉంటుంది. అంటే మన అధ్యయనంలో వాడిన ఒక్కో మాటకీ, దాన్ని ఎలా కొలిచామో చెప్పే నిర్వచనం. అందరి రిపోర్టుల్లోనూ ఉంటుంది, ఎవరూ చదవరు. మేమూ సీనియర్ల రిపోర్టు పక్కన పెట్టుకుని పావుగంటలో రాసేశాం. తిరగరాయడానికి మాత్రం మూడు వారాలు పట్టింది. ఈలోగా మా బాబాయి కౌలు అడ్వాన్సు ఇవ్వబోయి ఆగాల్సి వచ్చింది. కారణం నేనే. ఆ కథే ఇది.

మాది కొల్లిపర. తెనాలి నుంచి ఆటో ఎక్కితే దారి పొడుగునా వరి, పసుపు, అరటి. ఊరికి తూర్పున కృష్ణ, ఏటికి ఇవతల కరకట్ట. పశ్చిమ డెల్టా కాలువ నీళ్లు వచ్చినన్నాళ్లు వస్తాయి, రానప్పుడు బోర్లే దిక్కు. మా దగ్గర ఎవర్ని అడిగినా ఒకే మాట చెప్తారు: “ఏటి దగ్గర నీళ్లు తియ్యన, అవతలికి పోయేకొద్దీ ఉప్పన.” చిన్నప్పటి నుంచీ వింటున్న మాటే కదా, దీన్నే ప్రాజెక్టు చేద్దాం అనుకున్నాం. మొత్తం ఇరవై నాలుగు బోర్లు. ఏటివైపు పన్నెండు, ఊరివైపు పన్నెండు. ఒక్కో బోరు నీటిలో ఉప్పు ఎంతుందో కొలవాలి, బోరు లోతు కనుక్కోవాలి, ఏటికి దూరం కొలవాలి, మూడింటికీ సంబంధం ఉందో లేదో చూడాలి. సివిల్ వాళ్లకి ఇంతకంటే తేలికైన ప్రాజెక్టు దొరకదు అనుకున్నాం.

పని సగం సగం పంచుకున్నాం. ఏటివైపు బోర్లు మా వాడికి, ఊరివైపు బోర్లు నాకు. వాడి దగ్గర ఆన్‌లైన్‌లో కొన్న పెన్ను సైజు టీడీఎస్ మీటరు ఉంది. నేను మా కజిన్ దగ్గర ఇంకోటి అరువు తెచ్చుకున్నా. రెండు ఆదివారాల్లో పని అయిపోయింది. నంబర్లన్నీ ఎక్సెల్‌లో వేసి చూస్తే మా ఇద్దరికీ నోటమాట రాలేదు. ఏటివైపు బోర్ల సగటు, ఊరివైపు సగటు కంటే దాదాపు నాలుగో వంతు తక్కువ. ఊళ్లో పెద్దవాళ్లు చెప్పిన మాట గ్రాఫులో అచ్చంగా కనబడింది. ఆ రాత్రే ‘కంక్లూజన్’ రాసేశాం.

నేను అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. మర్నాడు బాబాయి ఇంటికెళ్లి చెప్పా. ఆయనది ఊరివైపు పొలం, అరటి వేస్తాడు. అప్పటికే కరకట్ట దగ్గర ఒక పొలం కౌలుకి వస్తుందంటే తీసుకోవాలా వద్దా అని ఊగుతున్నాడు. కౌలు రేటు ఎక్కువ, పైగా ముందే అడ్వాన్సు ఇవ్వాలి. నేను ఫోన్‌లో గ్రాఫు చూపించి, “బాబాయ్, అక్కడి నీళ్లు మన నీళ్లకంటే చాలా నయం, ప్రూఫ్ ఇదిగో” అన్నా. ఆయన గ్రాఫు చూడలేదు, నా మొహం చూశాడు. “ఇంజినీరింగు చదివేవాడివి, నువ్వు కొలిచి చెప్తున్నావంటే ఇంకేముందిరా. వచ్చే వారం డబ్బులు కట్టేస్తా” అన్నాడు. అప్పుడు నాకు గర్వంగానే అనిపించింది.

ఆ వారమే మా గైడ్ మేడమ్ డ్రాఫ్టు తిరిగిచ్చారు. గ్రాఫుల దగ్గర ఒక్క గీత కూడా లేదు. డెఫినిషన్స్ పేరా మాత్రం మొత్తం ఎర్రగా ఉంది. రిపోర్టు ఇంగ్లీషులోదే గానీ, తెలుగులో చెప్తే ఆ పేరా దాదాపు ఇలా ఉంటుంది:

“ఈ అధ్యయనంలో నీటి నాణ్యత అంటే బోరు నీటిలో కరిగిన లవణాల పరిమాణం. టీడీఎస్ అంటే నీటిలో కరిగిన మొత్తం ఘనపదార్థాలు. లవణీయత అంటే నీరు ఎంత ఉప్పగా ఉందన్నది. లోతు అంటే బోరు లోతు. దూరం అంటే బోరు నదికి ఎంత దగ్గరగా ఉందన్నది, దీన్ని బట్టి లవణీయత మారుతుంది. నీటి నాణ్యత తాగడానికి, సాగుకు అనువుగా ఉండే స్థాయిని సూచిస్తుంది.”

చదివితే తప్పేమీ కనబడదు. నాకూ కనబడలేదు. మేడమ్ ఒక్క ప్రశ్న అడిగారు: “మీ ఇద్దరూ ఊళ్లో లేరనుకోండి. ఈ ఆరు వాక్యాలే చేతిలో పట్టుకుని నేను అదే బోరు దగ్గరికి వెళ్తే, మీ ఎక్సెల్‌లో ఉన్న నంబరే నాకూ వస్తుందా?”

“వస్తుంది మేడమ్, టీడీఎస్ మీటరు పెడితే చాలు” అన్నాం.

“ఏ మీటరు?”

మా వాడు జేబులోంచి వాడి మీటరు తీశాడు, నేను బ్యాగులోంచి నాది తీశా. రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టాం. ఒకటి పసుపు, ఒకటి తెలుపు. అంతకుముందు ఆ రెండూ ఒకచోట ఎప్పుడూ కలవలేదని మాకు అప్పుడే తట్టింది.

ఆ సాయంత్రం బాబాయి బోరు ఆన్ చేసి ఒక బకెట్ నీళ్లు పట్టాం. నా మీటరు ముంచితే 1162 ppm. మా వాడిది ముంచితే 830 ppm. కడిగి మళ్లీ ముంచాం. అదే తేడా. మీటర్లు ఒకదాని చోట ఒకటి మార్చి పెట్టాం. అయినా అంతే. గట్టు మీద కూర్చుని చూస్తున్న బాబాయి, “ఏందిరా, ఒకే బకెట్‌లో నీళ్లు మారాయా, మీటరు మారిందా?” అన్నాడు. మా దగ్గర సమాధానం లేదు.

సమాధానం మా వాడి మీటరు డబ్బాలో మడిచి పెట్టిన చిన్న కాగితంలో దొరికింది. దాన్ని మేం ఎప్పుడూ విప్పలేదు. అసలు సంగతి ఏంటంటే, ఈ పెన్ను మీటర్లు నీళ్లలో కరిగిన ఉప్పుని తూచవు. చివర్లో రెండు చిన్న లోహపు మొనలు ఉంటాయి, వాటి మధ్య నీటిగుండా కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో కొలుస్తాయి. ఉప్పు ఎక్కువ కరిగి ఉంటే కరెంటు ఎక్కువ పారుతుంది. దీన్నే విద్యుత్ వాహకత అంటారు, మీటరు మీద µS/cm అని కనబడేది అదే. ఆ వచ్చినదాన్ని లోపల ఒక గుణకంతో గుణించి ‘ppm’ అని చూపిస్తుంది. అంతే.

```
ppm = EC (µS/cm) × k
```

ఈ k ఎంత అన్నది నీళ్లలో ఉన్నది ఏ ఉప్పు అన్నదాన్ని బట్టి మారుతుంది. నీళ్లలో ఉన్నది వంటల ఉప్పే అనుకుని తయారుచేసిన మీటర్లలో k దాదాపు 0.5. సహజమైన నీళ్లలో రకరకాల లవణాలు కలిసి ఉంటాయి అనుకుని చేసినవాటిలో దాదాపు 0.7. మా వాడి కాగితంలో 0.5 అని ఉంది. నా మీటరుకి మోడ్ బటన్ ఉంది, నొక్కితే అదే బకెట్‌కి 1660 µS/cm వచ్చింది. 1660ని 0.7తో గుణిస్తే 1162. 0.5తో గుణిస్తే 830. రెండు మీటర్లూ కరెక్టే. రెండూ కొలిచింది ఒకే వాహకత. వేర్వేరు చేసింది మేం పట్టించుకోని గుణకం.

ఇప్పుడు మా అందమైన గ్రాఫు సంగతి చూడండి. ఏటివైపు బోర్లన్నీ 0.5 మీటరుతో కొలిచాం. ఊరివైపు బోర్లన్నీ 0.7 మీటరుతో. రెండువైపులా నీళ్లు అచ్చం ఒకేలా ఉన్నా సరే, ఏటివైపు అంకెలు దాదాపు 29 శాతం తక్కువ వస్తాయి. మాకు వచ్చిన ‘దాదాపు నాలుగో వంతు’ అదే. ఏటి తీపిని మేం కనిపెట్టలేదు, గుణకాన్ని కనిపెట్టాం. పైగా అది ఊరంతా నమ్మే మాటకి సరిగ్గా సరిపోయింది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. అదే అంకెలు తిరగబడి ఏటివైపు ఉప్పన అని వచ్చుంటే మొదటి రోజే మీటర్లు పక్కపక్కన పెట్టేవాళ్లం.

ఆ రాత్రే బాబాయికి చెప్పా, అడ్వాన్సు ఇవ్వొద్దు, నేను చెప్పింది తప్పు అని. ఆయన తిట్టలేదు. “సరే, ఈసారి సరిగ్గా కొలువు” అన్నాడు. తిట్టి ఉంటే నయం అనిపించింది.

మళ్లీ కొలిచే ముందు పేరా సరిచేయమన్నారు మేడమ్. ముందు కొలిచి తర్వాత నిర్వచనం రాస్తే, కొలిచినదానికి తగ్గట్టు మాటలు అతికిస్తాం అన్నది ఆవిడ మాట. దానికి ఒక పద్ధతి చూపించారు. కాగితం మధ్యలో నిలువుగీత గీసి, ఎడమవైపు పేరాలో ఉన్న వేరియబుల్స్ పేర్లు, కుడివైపు ఎక్సెల్‌లో ఉన్న కాలమ్‌ల పేర్లు రాయాలి. ఒక్కో పేరు నుంచి దాని కాలమ్‌కి ఒక గీత కలపాలి.

గీతలు కలుపుతుంటే మా పేరా బండారం బయటపడింది. ‘నాణ్యత’, ‘టీడీఎస్’, ‘లవణీయత’ మూడింటి నుంచీ గీతలు ఒకే కాలమ్‌లోకి వెళ్లాయి. అంటే ఒకే అంకెకి మూడు పేర్లు. అందులో నాణ్యతకి రెండు నిర్వచనాలు: మొదటి వాక్యంలో లవణాల పరిమాణం, చివరి వాక్యంలో తాగడానికి అనువైన స్థాయి. ఇవి రెండూ ఒకటి కావు. నైట్రేటు, ఫ్లోరైడు ఎక్కువైన నీళ్లని, సూక్ష్మజీవులు ఉన్న నీళ్లని కూడా ఈ మీటరు మంచి నీళ్లలాగే చూపించగలదు. వాటిని అది చూడలేదు. కుడివైపు ‘రుచి’ అని ఒక కాలమ్ మిగిలిపోయింది. ప్రశ్నాపత్రంలో అడిగాం, అంకెలు వేశాం, పేరాలో దాని ఊసే లేదు. ‘దూరం’ వాక్యంలో నిర్వచనం సగమే ఉంది, మిగతా సగం మేం ఇంకా నిరూపించాల్సిన విషయం. నిర్వచనంలోనే ఫలితం చెప్పేశాం అన్నమాట.

అప్పుడు మేడమ్ బ్రిడ్జ్‌మన్ గురించి చెప్పారు. పెర్సీ బ్రిడ్జ్‌మన్ అమెరికా భౌతికశాస్త్రవేత్త, అధిక పీడనాల మీద చేసిన పనికి 1946లో నోబెల్ వచ్చింది. 1927లో ‘ద లాజిక్ ఆఫ్ మోడర్న్ ఫిజిక్స్’ అనే పుస్తకం రాశాడు. ఈ ‘ఆపరేషనల్’ అన్న ఆలోచన అక్కడి నుంచి పాకింది. ఒక భావనకి అర్థం, దాన్ని కొలవడానికి మనం చేసే పనులే అన్నాడాయన. ఇంకో అడుగు ముందుకెళ్లి, కొలిచే పనులు వేరైతే భావనలూ వేరే, న్యాయంగా పేర్లు కూడా వేరే పెట్టాలి అన్నాడు. మరీ ఇంత పట్టుబడితే ప్రతి మీటరుకీ ఒక కొత్త మాట కావాల్సి వస్తుందని తర్వాతి వాళ్లు అభ్యంతరం చెప్పారట. మాకు మాత్రం ఆయన మాట బకెట్‌లోనే కనబడింది. మేం ‘టీడీఎస్’ అని ఒకే పేరుతో పిలిచింది రెండు వేర్వేరు వస్తువుల్ని.

ఇక ఒక్కో మాటా పట్టుకుని తిరగరాశాం.

మొదటిది, ముఖ్యమైనది, ఉప్పు సంగతి. నిఘంటువులో ఉన్నట్టు ‘కరిగిన మొత్తం ఘనపదార్థాలు’ అని రాయాలంటే నిజంగా వాటిని తూచాలి. నీళ్లు వడగట్టి, ఇంత అని కొలిచి, గిన్నెలో ఇగిరించి, 180 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో ఆరబెట్టి, మిగిలిన పొడిని సున్నితమైన త్రాసులో తూచాలి. మేం అది చేయలేదు. చేయని కొలతకి ఆ పేరు వాడకూడదు. ఇక్కడ రెండే దారులు: నిర్వచనానికి తగ్గ పరికరం తెచ్చుకోవడం, లేదా పరికరానికి తగ్గట్టు నిర్వచనాన్ని దించుకోవడం. మా ప్రశ్న సాగు గురించి కాబట్టి రెండోదే మంచిది అనిపించింది. ఎందుకంటే సాగునీటికి వాడే మార్గదర్శకాలు వాహకతలోనే ఉంటాయి, వాటికి ppm అవసరమే లేదు. దాంతో నాణ్యత, టీడీఎస్, లవణీయత మూడూ కొట్టేసి ‘వాహకత’ అని ఒకే పేరు పెట్టాం.

పేరు మార్చితే చాలదు. అదే బోరు దగ్గర రెండు అంకెలు రావడానికి ఇంకా ఏమేం ఉన్నాయో చూడాలి. వేడి ఒకటి. నీళ్లు ఒక్క డిగ్రీ వేడెక్కితే వాహకత దాదాపు 2 శాతం పెరుగుతుంది. ఎండలో పెట్టిన బకెట్‌కి, అప్పుడే పట్టిన నీళ్లకి అయిదారు డిగ్రీల తేడా వస్తే పది శాతం పైనే తప్పు. అందుకే అన్నింటినీ 25 డిగ్రీలకి సరిచేసి చెప్తారు. నా మీటరు ఆ పని తనే చేస్తుంది, అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి. రెండోది, మోటారు ఆన్ చేయగానే వచ్చేవి పైపులో నిలవున్న నీళ్లు, భూమిలోవి కావు. మూడోది, మీటరు రోజులు గడిచేకొద్దీ పక్కకి జరుగుతుంది. దానికి 1413 µS/cm అని రాసి ఉండే ప్రామాణిక ద్రావణం దొరుకుతుంది, పొటాషియం క్లోరైడు కలిపింది. మా ల్యాబ్‌లో ఒక సీసా ఉంది. రోజూ పని మొదలుపెట్టే ముందు అందులో ముంచితే 1385కీ 1441కీ మధ్య రావాలి, అంటే అటూఇటూ 2 శాతం. రాకపోతే మీటరు సరిచేసుకోవాలి.

సరదాకి అదే ద్రావణంలో మా వాడి మీటరూ ముంచాం. 706 చూపించింది. నాది ppm మోడ్‌లో 989 చూపించింది. లెక్క తెలిసిన నీళ్లలో కూడా అంత తేడా అంటే, బోర్ల దగ్గర ఎవర్ని నిందిస్తాం?

రెండోది లోతు. ‘లోతు అంటే బోరు లోతు’ అన్న వాక్యం ఇప్పుడు చూస్తే నాకే నవ్వొస్తుంది. అసలు మేం లోతు కొలవలేదు. ప్రశ్నాపత్రంలో “మీ బోరు లోతెంత?” అని రైతుని అడిగాం. మా పరికరం టేపు కాదు, ఆయన జ్ఞాపకం. పైగా మా దగ్గర ఎవరూ అడుగుల్లో చెప్పరు, “ఆరు పైపులు దించాం” అంటారు. నేను పైపుకి ఇరవై అడుగులు వేసుకుని 120 అని రాశా. మా వాడికి చెప్పినవాళ్లలో కొందరు కేసింగ్ పైపులు కాకుండా మోటారుకి బిగించే పైపులు లెక్కపెట్టి చెప్పారు, అవి చిన్నవి. రెండూ ఒకే కాలమ్‌లో కూర్చున్నాయి. అందుకని ప్రశ్ననే రెండుగా విడగొట్టాం: బోరు వేసినప్పుడు భూమిలోకి దించిన కేసింగ్ పైపులు ఎన్ని, ఒక్కో పైపు ఎన్ని అడుగులు. పేరు కూడా ‘లోతు’ తీసేసి ‘చెప్పిన లోతు’ అని పెట్టాం. రిపోర్టు చదివేవాడికి ఇది కొలిచింది కాదు, విన్నది అని పేరులోనే తెలియాలి. ‘రుచి’ని కూడా అలాగే ‘చెప్పిన రుచి’ చేసి పేరాలోకి తెచ్చాం: చప్పన, కొద్దిగా ఉప్పన, ఉప్పన, ఈ మూడింట్లో బోరు యజమాని ఎంచుకున్నది. మేం తాగి చెప్పింది కాదు.

మూడోది దూరం. నేను బోర్ల నుంచి ఏటికి బండి మీద వెళ్లి కిలోమీటరు రీడింగు రాసుకున్నా. మా వాడు ఫోన్ మ్యాపులో తిన్నగా గీత గీశాడు. పొలం డొంకలు వంకర్లు తిరుగుతాయి కదా, ఒకే బోరుకి నా దూరం వాడి దూరానికి దాదాపు ఒకటిన్నర రెట్లు వచ్చింది. ఇంతకీ ‘ఏరు’ అంటే ఎక్కడ? వరదప్పుడు నీళ్లు కరకట్టని తాకుతాయి, ఎండాకాలం ఇసుకలో ఎక్కడో పాయ మిగులుతుంది. అంచు కదిలిపోతుంటే దూరం ఎక్కడి నుంచి కొలవాలి? ఏడాది పొడుగునా కదలనిది కరకట్ట ఒక్కటే. అందుకే ‘ఏటికి దూరం’ అన్న మాట తీసేసి ‘కట్టకి దూరం’ అని పెట్టాం. బోరు దగ్గర నిలబడి ఫోన్‌లో లొకేషన్ తీసుకోవాలి, అది 10 మీటర్ల లోపు కచ్చితత్వం చూపించేదాకా ఆగాలి, తర్వాత గూగుల్ ఎర్త్‌లో కరకట్ట మధ్యగీత వరకు అతి దగ్గరి తిన్నటి దూరం మీటర్లలో కొలవాలి. ఇందులో మేం పోగొట్టుకున్నది ఒకటుంది. భూగర్భంలోకి ఊరేది నది పాయ నుంచి, కట్ట నుంచి కాదు. ఎండాకాలం నదికి అసలు దూరం మా అంకె కంటే ఎక్కువే. ఆ సంగతి పరిమితుల్లో రాశాం.

చివరికి పేరా ఇలా తయారైంది:

“వాహకత అంటే, మోటారు పది నిమిషాలు నడిచాక పట్టి, అదే నీటితో మూడుసార్లు తొలిచిన కప్పులో, ఒక్క నిమిషం లోపు, ఆ రోజు 1413 ద్రావణంలో సరిచూసిన ఒకే మీటరుతో తీసిన మూడు రీడింగుల సగటు, 25 డిగ్రీలకి సరిచేసి, µS/cmలో. చెప్పిన లోతు అంటే, ప్రశ్న 4లో యజమాని చెప్పిన కేసింగ్ పైపుల సంఖ్యను ప్రశ్న 5లో చెప్పిన పైపు పొడవుతో గుణించినది, అడుగుల్లో. చెప్పిన రుచి అంటే, ప్రశ్న 6లో ఇచ్చిన మూడు జవాబుల్లో యజమాని ఎంచుకున్నది. కట్టకి దూరం అంటే, బోరు దగ్గర ఫోన్‌లో తీసిన లొకేషన్ నుంచి కరకట్ట మధ్యగీతకి గూగుల్ ఎర్త్‌లో కొలిచిన అతి దగ్గరి తిన్నటి దూరం, మీటర్లలో.”

అందంగా లేదు, ఒప్పుకుంటా. చదివితే వంట పద్ధతిలా ఉంది. కానీ నాలుగు పేర్లు, నాలుగు వాక్యాలు, ఎక్సెల్‌లో నాలుగు కాలమ్‌లు: `ec_25`, `depth_told_ft`, `taste_told`, `dist_bund_m`. ఎడమ నుంచి కుడికి గీతలు కలిపితే ఏదీ మిగల్లేదు, ఏవీ ఒకచోట కుప్పపడలేదు. రిపోర్టు మిగతా పేజీల్లో కూడా ‘నాణ్యత’, ‘టీడీఎస్’ అని వెతికి వెతికి మార్చాం. నలభై పేజీల్లో అవి ఎక్కడెక్కడో నక్కి ఉన్నాయి. ఒక గ్రాఫు పక్కనైతే y అక్షం మీద ఒక పేరు, కింద క్యాప్షన్‌లో ఇంకో పేరు. పేరా సరిచేసి వీటిని వదిలేస్తే చేసినదంతా వృథా.

ఒక టెస్టు కూడా పెట్టుకున్నాం. పేరా ప్రింటు తీసి మా క్లాసులోనే ఇంకో టీమ్ అమ్మాయికి ఇచ్చి, మాతో మాట్లాడకుండా మూడు బోర్లు కొలవమన్నాం. వాహకత మూడింటిలోనూ మా అంకెకి 3 శాతం లోపు వచ్చింది. దూరం ఒక బోరుకి మాత్రం తేడా వచ్చింది. చూస్తే ఆ అమ్మాయి కరకట్ట మధ్యగీత కాకుండా పొలంవైపు అంచు పట్టుకుంది. మేం మొదట ‘కరకట్ట వరకు’ అని మాత్రమే రాశాం. ‘మధ్యగీత’ అన్న మాట పేరాలోకి వచ్చింది ఆ రోజే.

తర్వాత రెండు ఆదివారాలు ఇద్దరం కలిసే తిరిగాం, ఒకే మీటరుతో, మొత్తం ఇరవై నాలుగు బోర్లూ. పాత అంకెల్ని 0.5తో, 0.7తో భాగించి సరిచేసుకోవచ్చు కదా అని మా వాడు అన్నాడు. కానీ అప్పుడు మోటారు ఎంతసేపు నడిచిందో, మీటరు సరిగ్గా ఉందో లేదో మాకే తెలియదు. గుణకం తప్పు సరిచేయొచ్చు, రాసుకోని సంగతులు సరిచేయలేం.

కొత్త అంకెల్లో ఏటివైపుకీ ఊరివైపుకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఒకే వైపు ఉన్న పక్కపక్క బోర్ల మధ్యే అంతకంటే ఎక్కువ తేడా ఉంది. దీనర్థం పెద్దలు చెప్పిన మాట అబద్ధం అని కాదు. ఇరవై నాలుగు బోర్లలో, ఆ రెండు వారాల్లో, కొద్ది కిలోమీటర్ల మేరలో మాకు అది కనబడలేదు, అంతే. సముద్రం వైపు రేపల్లె దాకా వెళ్లి కొలిస్తే కథ వేరుగా ఉండొచ్చు. మేం కొలవలేదు కాబట్టి రాయలేదు. రిపోర్టు పేరులోంచి ‘భూగర్భజలాల నాణ్యత’ పోయి ‘ఇరవై నాలుగు బోర్ల నీటి వాహకత’ అయింది. మా వాడికి అది చిన్నబోయినట్టు అనిపించింది. నాకు మాత్రం మొదటిసారి రిపోర్టు మీద పేరుకీ లోపల ఉన్నదానికీ పొత్తు కుదిరింది అనిపించింది.

బాబాయికి చెప్పడానికి వెళ్లా. ఈసారి గ్రాఫు తీసుకెళ్లలేదు. “రెండువైపులా ఉప్పులో తేడా ఏం కనబడలేదు బాబాయ్. నీళ్ల కోసమైతే అక్కడికి పోనక్కర్లేదు. కౌలు సంగతి మిగతావి చూసుకుని నువ్వే ఆలోచించుకో” అన్నా.

“అది సరే, ఇంతకీ నా నీళ్లు మంచివా కాదా?”

పాత పేరా అయితే దీనికి టక్కున జవాబు చెప్పేసేది. ఇప్పుడు ఆగాల్సి వచ్చింది. “నీ బోరు 1660 ఉంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ వాళ్ల లెక్కలో 700 లోపయితే సాగుకి ఇబ్బంది లేదు, 3000 దాటితే గట్టి ఇబ్బంది. నువ్వు మధ్యలో ఉన్నావు. అరటి ఉప్పుకి తట్టుకోదు కాబట్టి కాస్త చూసుకోవాలి. ఇంకోటి, అందులో సోడియం ఎంతుందో ఈ మీటరు చెప్పలేదు. భూమి గట్టిపడేది దానివల్లే.”

“మరి అది ఎవరు చెప్తారు?”

“ల్యాబ్‌లో ఇవ్వాలి.”

ఆయన లోపలికెళ్లి ఒక ఖాళీ లీటరు బాటిల్ తెచ్చాడు. మోటారు స్విచ్ వేసి బాటిల్ పట్టబోతుంటే నేను చెయ్యి అడ్డం పెట్టా. “పది నిమిషాలు ఆగు బాబాయ్.” ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం. తర్వాత ఆ బాటిల్‌ని అదే నీళ్లతో మూడుసార్లు తొలిచి, మెడదాకా నింపి, మూత పెట్టి, మీద తేదీ, టైము, బోరు నంబరు రాశా. ఆయన ఆ రాత వంక చూసి, “ఈసారి మీటరు పేరు కూడా రాయమను వాళ్లని” అన్నాడు.